నలభై రెండు ఎమోజీల నీళ్ల నోటీసు: ఏం తీసేయాలి, ఏం ఉంచాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీగా చేస్తున్నాను. రెండు బ్లాకులు, 64 ఫ్లాట్లు. ట్యాంకుల క్లీనింగ్ గురించి వాట్సాప్ గ్రూపులో కింది మెసేజ్ పెట్టాను. అందరూ చూశారు, చాలామంది బొటనవేలు కూడా పెట్టారు. అయినా సాయంత్రం దాకా "నీళ్లు ఎప్పుడు ఉండవు?", "మాక్కూడానా?" అని ఫోన్లే ఫోన్లు. ఎమోజీలు ఎక్కువయ్యాయని మా అబ్బాయి అంటున్నాడు. నిజంగా అదేనా కారణం? అయితే ఎలా సరిచేయాలి?

```
🙏🙏🌸 అందరికీ శుభోదయం 🌸🙏🙏
🚨🚨⚠️ ముఖ్య గమనిక ⚠️🚨🚨
మన అపార్ట్‌మెంట్‌లో 🏢 ఈ ఆదివారం 📅 ట్యాంకులు 🛢️ మరియు
సంపు క్లీనింగ్ 🧹🧽✨ జరుగును 👍
ఉదయం 🌅 ⏰ 9 నుంచి మధ్యాహ్నం ☀️ 2 వరకు 💧❌🚫
కావున అందరూ 👨‍👩‍👧‍👦 ముందుగా 🪣🪣 నింపుకోగలరు ✅✅
బి బ్లాక్ వారికి ➡️ మధ్యాహ్నం 3 🕒 తర్వాత 🚰 వస్తుంది
క్లీనింగ్ సమయంలో 🚿🚽🔴
ఖర్చు 💰 మెయింటెనెన్స్‌లోంచే 😊
సహకరించగలరు 🤝🙏💐😇
```

సమాధానం:

మీ అబ్బాయి చెప్పింది సగం నిజమండీ. మీ మెసేజ్‌లో 42 ఎమోజీలున్నాయి. అందులో 33 కేవలం అలంకారం, లేదా పక్కనున్న మాటనే మళ్లీ బొమ్మగా చెప్పడం. అవి కంటికి అడ్డం పడతాయి, చదవడం నెమ్మదిస్తుంది, అక్కడక్కడా తప్పుదారి పట్టిస్తాయి. మీకు ఫోన్లు తెచ్చిపెట్టింది మాత్రం ప్రధానంగా మిగతా తొమ్మిది: 💧❌🚫, 🪣🪣, 🚰, 🚿🚽🔴. ఇవి మాటల పక్కన లేవు, మాటల స్థానంలో కూర్చున్నాయి.

నమ్మకం కుదరకపోతే, బొమ్మలన్నీ తీసేసి అదే మెసేజ్ చదవండి. మధ్య భాగం ఇలా మిగులుతుంది:

```
ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు
కావున అందరూ ముందుగా నింపుకోగలరు
బి బ్లాక్ వారికి మధ్యాహ్నం 3 తర్వాత వస్తుంది
క్లీనింగ్ సమయంలో
```

తొమ్మిది నుంచి రెండు వరకు ఏమిటి? ఏం నింపుకోవాలి? మూడు తర్వాత ఏం వస్తుంది? క్లీనింగ్ సమయంలో ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఇంకోటి గమనించారా? ఇది నీళ్ల గురించిన నోటీసు, కానీ "నీళ్లు" అన్న మాట ఇందులో ఒక్కసారి కూడా లేదు. శనివారం రాత్రి ఎవరైనా గ్రూపులో "నీళ్లు" అని టైప్ చేసి వెతికితే ఈ మెసేజ్ దొరకదు. ఇక మీకే ఫోన్ చేస్తారు.

ఇది తెలుగులో మరీ ఎక్కువగా దెబ్బతీయడానికి ఒక కారణం ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవునా కాదా అన్నది ఆ క్రియలోనే ఉంటుంది. "మధ్యాహ్నం 2 వరకు నీళ్లు వస్తాయి", "మధ్యాహ్నం 2 వరకు నీళ్లు రావు": చివరి మాట దాకా రెండూ ఒకటే. రాసేటప్పుడు చెయ్యి కూడా వాక్యం చివరికి వచ్చాకే ఎమోజీల వైపు వెళుతుంది. అంటే సరిగ్గా వాక్యానికి ప్రాణమున్న చోటే మనం మాట మానేసి బొమ్మ పెడతాం. 💧❌🚫 దగ్గర జరిగింది అదే. నీటి చుక్క, ఇంటూ గుర్తు, నిషేధం గుర్తు. "నీళ్లు రావు" అని కొందరు చదువుకుంటారు, "నీళ్లు వాడకూడదు" అని ఇంకొందరు. ఈ రెండూ ఒకటి కాదు. రావు అంటే బిందెలు నింపుకుంటాం. వాడొద్దు అంటే కుళాయి కట్టేసుకుంటాం, నింపుకోవాలని తోచదు.

బి బ్లాక్ వాక్యం ఇంకా చిక్కు. "మధ్యాహ్నం 3 తర్వాత 🚰 వస్తుంది." కుళాయిలో నీళ్లా, ట్యాంకరా, క్లీనింగ్ వాళ్లు ఆ బ్లాక్‌కి వచ్చే వంతా? మూడు అర్థాలూ కుదురుతాయి. పై వాక్యంలో 2 వరకు అన్నారు కాబట్టి, బి బ్లాక్ వాళ్లకి 2కి వస్తాయా 3కి వస్తాయా అన్నది మీ మెసేజ్ చదివి నేను కూడా ఖాయంగా చెప్పలేను. "మాక్కూడానా?" అన్న ఫోన్లు ఎక్కువగా బి బ్లాక్ నుంచే వచ్చి ఉండాలి. పైగా 🚰 అసలు తాగునీటి గుర్తు. బహిరంగ ప్రదేశాల్లో "ఈ కుళాయి నీళ్లు తాగొచ్చు" అని చెప్పడానికి వాడే బోర్డు బొమ్మ అది. ట్యాంకు కడిగిన వెంటనే వచ్చే నీళ్లలో మడ్డి ఉండొచ్చు, క్లోరిన్ వాసన ఉండొచ్చు. మీ ఉద్దేశం అది కాకపోయినా, ఆ నీళ్ల పక్కన తాగునీటి గుర్తు ఉండకూడదు.

🚿🚽🔴 సంగతికి వస్తే: షవర్, ఫ్లష్ వాడొద్దు అన్నదే మీ ఉద్దేశమని ఊహిస్తున్నాను. కానీ ఎర్ర గుండ్రం అంటే కొందరికి "ఆపండి", కొందరికి "అర్జెంటు", ఇంకొందరికి ఊరికే ఒక బుల్లెట్ గుర్తు. చెప్పాల్సిన కారణం కూడా ఎగిరిపోయింది. ట్యాంకు కడిగేటప్పుడు కింద కుళాయిలు తెరిచి ఉంటే అడుగున కదిలిన మడ్డి పైపుల్లోకి దిగుతుంది. నీళ్లు రావడం లేదని కుళాయి తిప్పి అలాగే వదిలేసి బయటికి వెళ్లినవాళ్ల ఇంట్లో, నీళ్లు తిరిగి వచ్చాక బాత్రూం నిండిపోతుంది. ఈ రెండు ముక్కలు చెబితే మాట వింటారు. ఎర్ర గుండ్రం చూసి ఎవరూ కుళాయి కట్టరు.

ఇప్పుడు ఆ 33 అలంకారాల్లో తప్పుదారి పట్టించేవి కొన్ని. 📅 ఆపిల్ ఫోన్లలో జూలై 17 అని చూపిస్తుంది. మీరు "ఈ ఆదివారం" అన్నారు తప్ప తేదీ రాయలేదు, కాబట్టి ఆ మెసేజ్‌లో అంకెల్లో కనిపించే తేదీ అదొక్కటే. ⏰ ముల్లు కూడా మీ 9 గంటలు చూపించదు. గడియారం ముఖాల ఎమోజీలు మొత్తం 24: పన్నెండు గంటలు, పన్నెండు అరగంటలు. వాటిలో ఉదయం, సాయంత్రం తేడా లేదు, పావుగంటలూ లేవు. అంకె ఎలాగూ రాశాక 🕒 కొత్తగా చెప్పేదేమీ లేదు. 🛢️ నీళ్ల ట్యాంకు కాదు, నూనె డ్రమ్ము. ✅ చూడగానే "అయిపోయింది" అనిపిస్తుంది, మీరేమో ఇంకా చేయాల్సిన పని చెబుతున్నారు. "జరుగును" పక్కన 👍 ఉంటే మీరు ఎవరికో ఒప్పుకోలు చెబుతున్నట్టుంది.

ఖర్చు పక్కన నవ్వు ముఖం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2016లో మినెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ముఖాల ఎమోజీలను జనానికి చూపించి అర్థం అడిగారు. అచ్చంగా ఒకే బొమ్మను చూసినప్పుడు కూడా, అది మంచి భావమా చెడు భావమా రెండూ కాదా అన్న దగ్గర నాలుగో వంతు సార్లు ఇద్దరి మాట కలవలేదు. డబ్బు విషయంలో ఆ నాలుగో వంతు చాలు, గొడవకి. "మెయింటెనెన్స్‌లోంచే 😊" అంటే "మీ జేబులోంచి కాదులెండి" అనే భరోసా అని మీరనుకున్నారు. "అడక్కుండానే తీసేసుకున్నారన్నమాట" అని చదువుకునేవాళ్లూ ఉంటారు. "విడిగా ఎవరూ కట్టనక్కర్లేదు" అని మూడు మాటలు రాస్తే ఆ రెండో అర్థం పుట్టదు.

ఇక చదవనివాళ్ల సంగతి. చూపు మందగించి టాక్‌బ్యాక్ లాంటిది పెట్టుకుని ఫోన్ చేత చదివించుకునే పెద్దవాళ్లు మీ 64 ఫ్లాట్లలో ఒకరిద్దరైనా ఉండొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి ఎమోజీకీ ఉన్న పేరును పైకి చదువుతుంది. మీ మెసేజ్ వింటే మొదటి రెండు లైన్లలోనే చేతులు, పువ్వులు, సైరన్ దీపాలు, హెచ్చరిక గుర్తులు పన్నెండు వినాలి. ఆ తర్వాతే "ఆదివారం" వస్తుంది. చాలామంది అప్పటికే ఆపేస్తారు.

చూపు బాగున్నవాళ్లకీ దాదాపు అదే పరిస్థితి. ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు వచ్చే నోటిఫికేషన్‌లో మొదటి లైన్లే కనిపిస్తాయి, చాట్‌ల జాబితాలో అయితే ఒక్క లైను. మీ మొదటి లైను చేతులు, పువ్వులు, శుభోదయం. రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ మెసేజ్‌లకీ దానికీ తేడా లేదు. ముఖ్య గమనిక అని రాసి ముందూ వెనకా ఆరు హెచ్చరిక గుర్తులు పెట్టినా అది రెండో లైనుకి పోయింది.

సరిచేసే పద్ధతి చెబుతాను. ఎమోజీలు ఒక్కొక్కటీ చెరుపుకుంటూ పోవద్దు. అలా చేస్తే పాత వాక్యాల అస్థిపంజరమే మిగులుతుంది, ఇందాక చూశాం. మెసేజ్‌ని నోట్స్‌లోకి కాపీ చేసుకుని, పైన ఖాళీ వదిలి అక్కడ కొత్తగా రాయండి. పాతది కింద కనిపిస్తుంటే చాలు.

మొదట, మాట స్థానంలో ఉన్న ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, ఆ వాక్యాన్ని ఫోన్లో మీ అమ్మగారికి ఎలా చెబుతారో అలా పైకి అనండి. "అమ్మా, ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి నీళ్లు రావు" అంటారు. "💧❌🚫" అని ఎవరూ అనలేరు కదా. నోటితో అన్నది అన్నట్టే రాయండి. ఈ దశలో రెండు అర్థాలు వచ్చే చోట్లు వాటంతట అవే బయటపడతాయి. బి బ్లాక్ వాక్యం పైకి అనబోతే, ఏం వస్తాయో ఎన్నింటికి వస్తాయో మీరే తేల్చుకోక తప్పదు. ప్లంబర్‌నో వాచ్‌మన్‌నో అడగాల్సి వస్తే మెసేజ్ పెట్టకముందే అడగండి.

రెండోది, క్రియల్ని తిన్నగా చేయండి. "జరుగును", "నింపుకోగలరు", "సహకరించగలరు" అన్నవి నోటీసు బోర్డు భాష. "నింపుకోగలరు" అంటే నింపుకోవడం చేతనవును అనీ వస్తుంది, దయచేసి నింపుకోండి అనీ వస్తుంది. "నింపి పెట్టుకోండి" అంటే ఒకటే అర్థం. ఈ మార్పు ఎమోజీలకి సంబంధం లేనిదిలా కనిపిస్తుంది గానీ సంబంధం ఉంది. బిగుసుకున్న భాషకి కాస్త మెత్తదనం తేవడానికే మనం పువ్వులూ నవ్వులూ చేరుస్తాం. "నింపి పెట్టుకోండి" అన్న మాటలో ఆ మెత్తదనం ముందే ఉంది, కాబట్టి పువ్వు అవసరం పడదు.

మూడోది, మొదటి లైను. తేదీ, విషయం, క్రియ, ఈ మూడూ అందులో పడాలి. ఆ ఒక్క లైను మాత్రమే చదివి ఫోన్ పక్కన పెట్టేసినవాడు కూడా ఆదివారం ఇబ్బంది పడకూడదు. శుభోదయం కావాలంటే వేరే మెసేజ్‌గా పెట్టండి.

మార్చి 15 ఆదివారం అనుకుని, బి బ్లాక్‌కి నీళ్లు గంట ఆలస్యంగా వస్తాయని ఊహించి రాస్తే ఇలా వస్తుంది:

```
💧 *ఆదివారం, మార్చి 15: నీళ్లు రావు*
ఎ బ్లాక్: ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు
బి బ్లాక్: ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు

సంపు, పైన ట్యాంకులు కడిగిస్తున్నాం. ఉదయం 8:30 లోపు
మీకు కావలసిన నీళ్లు పట్టి పెట్టుకోండి.

ఆ సమయంలో కుళాయిలు, షవర్, ఫ్లష్ వాడకండి. బయటికి వెళ్లేవాళ్లు
కుళాయిలన్నీ కట్టేసి వెళ్లండి. తెరిచి ఉంటే మడ్డి పైపుల్లోకి
దిగుతుంది, నీళ్లు వచ్చాక ఇల్లు నిండుతుంది.

తిరిగి వచ్చిన నీళ్లు తేటపడే దాకా వదిలేసి, తర్వాత వాడండి.

ఖర్చు మెయింటెనెన్స్ నిధి నుంచే. విడిగా ఎవరూ కట్టనక్కర్లేదు.
అనుమానాలుంటే వాచ్‌మన్‌ని అడగండి 🙏
```

ఎమోజీలు 42 నుంచి రెండుకి వచ్చాయి. మాటలు మాత్రం పెరిగాయి, అది సహజం. బొమ్మల వెనక దాక్కున్న వాక్యాలు బయటికి వచ్చాయి కాబట్టి పెరిగాయి. మెసేజ్ పొట్టిగా ఉండటం కన్నా ఒక్కసారి చదివితే తెలియడం ముఖ్యం. నక్షత్రం గుర్తుల మధ్య పెట్టిన లైను వాట్సాప్‌లో బొద్దుగా కనిపిస్తుంది. నక్షత్రానికీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలితే బొద్దు కాదు, నక్షత్రాలే మిగులుతాయి. బొద్దు ఆ ఒక్క లైనుకే ఉంచండి. ఆరు హెచ్చరిక గుర్తులు చేయలేని పని అది చేస్తుంది.

ఆ రెండు ఎందుకు ఉంచానంటే: 🙏 మనలో నిజంగానే ఒక మాట. చివర ఒక్కసారి ఉంటే మర్యాదగా ఉంటుంది, అర్థం మీద ఏమీ ఆధారపడదు. నాలుగు చేతుల జతలు పెడితే మర్యాద నాలుగింతలు కాదు. 💧 మాత్రం పనిమంతురాలు. నీళ్ల నోటీసులన్నిటికీ మొదట 💧, లిఫ్ట్ లేదా కరెంటు నోటీసులకి ⚡, డబ్బు విషయాలకి 💰 అని ఖాయం చేసుకుని ఎప్పుడూ అలాగే పెట్టండి. రోజుకి వంద మెసేజ్‌లొచ్చే గ్రూపులో వేలితో పైకి జరుపుకుంటూ పోయేవాడి కంటికి అది గుర్తుగా పనికొస్తుంది. రెండు షరతులు: లైను మొదట్లోనే ఉండాలి, ఆ ఎమోజీ తీసేసినా లైను పూర్తిగా చదవగలగాలి. వాక్యం మధ్యలో, ముఖ్యంగా క్రియకి ముందు, ఎప్పుడూ పెట్టకండి.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి ఇదే సంగతి ఎస్ఎంఎస్‌గా పంపితే ఆ రెండూ కూడా తీసేయండి. తెలుగు ఎస్ఎంఎస్ ఒక్కదానికి 70 అక్షర స్థానాలే, అంతకు మించి భాగాలుగా వెళితే ఒక్కో భాగానికి 67. గుణింతం గుర్తు, ఒత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, "క్షే" ఒక్కటే నాలుగు తింటుంది. మామూలు ఎమోజీ రెండు స్థానాలు. మీరు పెట్టిన నలుగురి కుటుంబం బొమ్మ లోపల నిజానికి నాలుగు ఎమోజీలూ వాటిని కలిపే మూడు కనిపించని అక్షరాలూ ఉన్నాయి, కాబట్టి పదకొండు స్థానాలు పోతాయి. పాత ఫోన్‌లో ఆ కుటుంబం విడిపోయి నలుగురు మనుషులుగానో ఖాళీ డబ్బాలుగానో కనిపిస్తుంది. బకెట్ ఎమోజీ యూనికోడ్‌లోకి 2020లోనే వచ్చింది, పాత ఫోన్లలో అదీ డబ్బానే.

పెట్టేశాక తప్పు కనిపిస్తే వాట్సాప్‌లో 15 నిమిషాల లోపు మెసేజ్ మీద వేలుంచి నొక్కి సవరించొచ్చు. ఆ గడువు దాటితే మొదటి లైనులోనే "సవరణ:" అని రాసి మొత్తం నోటీసు మళ్లీ పెట్టండి, మారిన ముక్క ఒక్కటే పెట్టొద్దు. పాత దాన్ని "అందరికీ తొలగించు" చేయండి, లేకపోతే రెండూ ఫార్వర్డ్ అవుతాయి. ఈ ఆదివారం నోటీసుకి గడువు ఎలాగూ దాటింది కాబట్టి అలాగే చేసి, కొత్త దాన్ని గ్రూపులో 7 రోజులకి పిన్ చేయండి. కింద ఎన్ని బొటనవేళ్లు వచ్చి పడినా అది పైనే ఉంటుంది. బి బ్లాక్ సమయం మాత్రం ముందు ప్లంబర్‌ని అడిగి ఖాయం చేసుకోండి.